కరెంటు బిల్లు మీద ఇంకా నాన్న పేరేనా? వారసత్వపు ఇంటికి మూడు రికార్డులు మార్చుకోండిలా..

మీ ఇంటి కరెంటు బిల్లు ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. పైన ఎవరి పేరుంది? మా పాలమూరు వైపు చాలా ఇళ్లలో ఆ పేరు తాతదో, చనిపోయిన నాన్నదో అయి ఉంటుంది. బిల్లు వస్తోంది, ఫోన్‌పేలో కట్టేస్తున్నాం, కరెంటు ఆగట్లేదు. ఇక పేరుతో పనేముంది అనిపిస్తుంది. అమ్మ పేరు మీద లోన్‌కి బ్యాంకు వాళ్లు తాజా ఇంటిపన్ను రసీదు అడిగిన రోజు, మేడ మీద ఇంకో మీటరు కావాల్సిన రోజు, నల్లా కనెక్షన్ మార్చుకోవాల్సిన రోజు తెలుస్తుంది అసలు సంగతి. దరఖాస్తు మీద సంతకం పెట్టాల్సిన మనిషి లేరు. ఉన్నవాళ్లకు ఆ రికార్డులో పేరు లేదు.

వనపర్తిలో మా నాన్న కట్టిన ఇంటికి ఈ మూడు పేర్లూ మార్పించే పని నా మీద పడింది. గద్వాల దగ్గరి పల్లెలో మా మేనత్త ఇంటికీ, నాగర్‌కర్నూల్‌లో నా ఫ్రెండ్ ఇంటికీ అదే పని మీద తోడు వెళ్లాను. మూడు చోట్లా నాకు అర్థమైంది ఒకటే. ఫారం నింపడం పెద్ద పని కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలియాలి. ఆ వరసలో మొదటిది ఆఫీసులో ఉండదు, ఇంట్లోనే ఉంటుంది.

ముందు లెక్క తేలాల్సింది ఇంట్లో

ఇల్లు కొన్నప్పుడైతే రిజిస్ట్రేషన్ జరుగుతుంది కాబట్టి, దాంతో పాటే పట్టణాల్లో పన్ను రికార్డులోనూ పేరు మారే పద్ధతి ఇప్పుడు ఉంది. వారసత్వంలో అలాంటిదేమీ జరగదు. మనిషి చనిపోయిన క్షణం నుంచే వాటాలు వారసులవి అవుతాయి గానీ, ఆ సంగతి మున్సిపాలిటీకి గానీ, కరెంటాఫీసుకి గానీ ఎవరూ చెప్పరు. మనమే వెళ్లి చెప్పాలి. చెప్పేముందు వారసులు ఎవరెవరో మనకు తెలియాలి.

మా ఇంట్లో అందరం అనుకున్నది ముగ్గురనే. అమ్మ, అక్క, నేను. నాన్న వీలునామా ఏమీ రాయలేదు. ఇల్లు ఆయన జీతం డబ్బుతో కొన్న స్థలంలో కట్టింది. తెలిసిన లాయర్ గారు కాగితాలు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "నాన్నగారి అమ్మ ఉన్నారా?" అని. ఉంది. ఎనభై దాటిన మా నాయనమ్మ మా ఇంట్లోనే ఉంటుంది.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మగమనిషి చనిపోతే అతని సొంత ఆస్తి మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు కన్నతల్లి కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో సమాన వాటా. అంటే మా ఇల్లు మూడు వాటాలు కాదు, నాలుగు. అమ్మకి పావు, అక్కకి పావు, నాకు పావు, నాయనమ్మకి పావు. అక్క పెళ్లయి వెళ్లిపోయింది కదా అన్న మాట ఇక్కడ చెల్లదు. ఆమె వాటా ఆమెదే.

నాయనమ్మకు చెబితే నవ్వింది. "నా కొడుకు ఇంట్ల నాకు వాటా ఏంది బిడ్డా" అంది. మా బాబాయికి మాత్రం ఇది నవ్వే విషయం కాదు. ఎందుకంటే నాయనమ్మ తదనంతరం ఆ పావు వాటా ఆమె పిల్లల వైపు వెళ్తుంది. బాబాయికి ఒక భాగం, మేనత్తకి ఒక భాగం, మా నాన్న భాగం నాకూ అక్కకూ కలిపి. ఇందులో అమ్మకి ఏమీ రాదు. ఇంటి రికార్డులన్నీ అమ్మ పేరు మీదికి మారుస్తున్నామని తెలిసి బాబాయి ఫోన్ చేశాడు. "అంటే మా అమ్మ వాటా పోయినట్టేనా?" అని సూటిగానే అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుకోకుండా ఆఫీసు మెట్లెక్కి ఉంటే, మా దరఖాస్తు మీద ఒక అభ్యంతరం వచ్చి కూర్చునేది.

ఒక మాట. పైన చెప్పిన లెక్క హిందూ కుటుంబాల్లో స్వార్జితమైన ఇంటికి. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరు. ముస్లింలకు వాళ్ల పర్సనల్ లా, క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తాయి. వీలునామా ఉంటే దాని ప్రకారమే దరఖాస్తు పెట్టుకోవాలి.

పేరు మారితే వాటా పోతుందా?

పోదు. ఈ ఒక్కటి ఇంట్లో అందరికీ అర్థమైతే సగం గొడవలు రావు.

ఇంటిపన్ను రికార్డు ఉన్నది పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలియడానికి. అది ఇంటి హక్కు పత్రం కాదు. రికార్డులో పేరు మార్పు హక్కును ఇవ్వదు, ఉన్న హక్కును తీసేయదు. భూమి రికార్డుల కేసుల్లో సుప్రీంకోర్టు ఈ మాట 1996లో స్వర్ణి కేసులో చెప్పింది, 2021లో జితేంద్ర సింగ్ కేసులో మళ్లీ చెప్పింది. కరెంటు బిల్లు, నల్లా బిల్లు అయితే హక్కు దాకా అసలు పోవు. "పదేళ్ల నుంచి పన్ను నేనే కడుతున్నా, ఇల్లు నాదే" అనే అన్నకీ, "రికార్డులో నా పేరు లేదు, నాకేం రాదేమో" అని భయపడే చెల్లెకీ జవాబు ఒకటే. ఇల్లు అమ్మాలంటే వాటాదారులందరూ సంతకం పెట్టాల్సిందే.

కాబట్టి అసలు తేల్చుకోవాల్సింది మీరు ఈ రెండింట్లో ఏ పని చేస్తున్నారన్నది. బిల్లుల మీద పేరు మార్చుకుంటున్నారా? లేక వాటాలు వదులుకుని ఇల్లు ఒకరికే ఇచ్చేస్తున్నారా? రెండోదానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయిన విడుదల దస్తావేజు కావాలి. దాన్నే అందరూ రిలీజ్ డీడ్ అంటారు. నోటరీ కాగితం మీద "నా వాటా వదులుకుంటున్నా" అని రాయించుకున్నంత మాత్రాన వాటా బదిలీ కాదు. కానీ రేపు కోర్టు దాకా వెళ్తే అలాంటి కాగితం తలనొప్పిగా మారుతుంది. బయట దొరికే రెడీమేడ్ అఫిడవిట్‌లో చాలాసార్లు ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. అక్కచెల్లెళ్లూ, సంతకం పెట్టేముందు ఆ వాక్యం వెతికి చదవండి.

మేం మొదటి పనే చేశాం. అక్క, నేను, నాయనమ్మ ఇచ్చిన నోటరీ అఫిడవిట్లలో ఈ మాటలు ఉండేలా రాయించాం: "ఈ ఇంటి పన్ను, కరెంటు, నల్లా రికార్డుల్లో అమ్మ పేరు రాయడానికి నాకు అభ్యంతరం లేదు. ఇది రికార్డుల మార్పు కోసం మాత్రమే. ఇంటిలో నా వారసత్వ వాటాను దీని ద్వారా వదులుకోవడం లేదు." ఆ ఫొటో బాబాయికి వాట్సాప్‌లో పంపాక ఆయనే మున్సిపల్ ఆఫీసుకి తోడొచ్చాడు.

ఒకరి పేరే ఎందుకు అనుకునేవాళ్లు పన్ను రికార్డులో వారసులందరి పేర్లూ ఉమ్మడిగా రాయమని అడగొచ్చు. అన్నదమ్ముల మధ్య నమ్మకం తక్కువున్న చోట అదే మంచిది. కరెంటు మీటరుకి మాత్రం ఒక పేరు పెట్టుకుని, మిగతావాళ్లు అభ్యంతరం లేదని రాసివ్వడమే సులువు.

రెండు సర్టిఫికెట్లు.. ఒక కురుమయ్య

ఏ ఆఫీసుకి వెళ్లినా అడిగేవి రెండు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్.

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. 30 రోజుల లోపైతే ఆలస్య రుసుముతో అయిపోతుంది. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. ఎప్పుడో పోయిన తాత పేరు మీద ఇప్పటికీ ఇల్లు ఉన్న కుటుంబాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. అప్పట్లో ఊళ్లో పోయిన మనిషికి ఎవరూ నమోదు చేయించి ఉండరు. మీ ఇంట్లో అలా ఉంటే మొదటి పని పన్నుది కాదు, ఈ సర్టిఫికెట్‌ది.

కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి మీసేవలో దరఖాస్తు పెడితే, విచారణ తర్వాత తహశీల్దారు ఇస్తారు. ఇందులో అందరి పేర్లూ రావాలి. మేం నాయనమ్మ పేరు కూడా రాశాం. ఒకరిని వదిలేసి తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో పేరు మారినా, ఆ వదిలేసిన మనిషి ఎప్పుడు ఫిర్యాదు చేసినా ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. ఇది ఎవరెవరు ఉన్నారో చెప్పే పత్రమే. ఎవరికెంత వాటా అన్నది ఇందులో ఉండదు.

"సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోండి" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. కోర్టు ఇచ్చే ఆ సర్టిఫికెట్ చనిపోయినవారికి రావాల్సిన బాకీలు, బ్యాంకు డిపాజిట్లు, షేర్ల లాంటి వాటికి. ఇంటికి కాదు. వారసుల మధ్యే తగాదా ఉంటే మాత్రం ఏ మున్సిపల్ ఆఫీసూ దాన్ని తేల్చదు. సివిల్ కోర్టులో తేలేదాకా ఫైలు పక్కన పెడతారు.

ఇక పేర్ల సంగతి. మా వైపు కురుమూర్తి స్వామి పేరు పెట్టుకున్న మనిషి ఇంట్లో కురుమయ్య, బడిలో కురుమూర్తి, కరెంటు బిల్లులో కుర్మయ్య. మా నాన్నదీ అలాంటి పేరే. దస్తావేజులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పన్ను రసీదులో ఇంటిపేరు లేకుండా ఉంది. దరఖాస్తు పెట్టకముందే ఐదు కాగితాలు మంచం మీద పరిచి, పేరు దగ్గర వేలు పెట్టి చదివాం. దస్తావేజు, పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆధార్, మరణ పత్రం. తేడా కనిపించాక "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అని అమ్మ పేరుతో ఒక అఫిడవిట్ చేయించి జత చేశాం. మరణ పత్రంలోనే తప్పు ఉంటే మాత్రం అఫిడవిట్‌తో సర్దుకోకండి. దాన్ని దిద్దించుకున్నాకే ముందుకెళ్లండి. మిగతా కాగితాలన్నీ దాని మీదే నిలబడతాయి.

మొదట ఇంటిపన్ను

మూడింట్లో ఇంటిపన్ను ముందు మార్చుకోవాలి. కారణం సింపుల్. కరెంటాఫీసులో, నల్లా సెక్షన్‌లో "ఇల్లు మీదే అనడానికి ఆధారం" అని అడిగినప్పుడు, దస్తావేజు నాన్న పేరు మీదే ఉంటుంది కాబట్టి, అమ్మ పేరుతో చూపించగలిగే మొదటి కాగితం కొత్త పన్ను రసీదే.

దీన్ని మ్యుటేషన్ అంటారు. మున్సిపాలిటీలో దరఖాస్తుతో పాటు మేం పెట్టినవి: మరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, నాన్న పేరున ఉన్న దస్తావేజు కాపీ, చివరి పన్ను రసీదు, అందరి ఆధార్ కాపీలు, అఫిడవిట్లు. బకాయి ఉంటే ముందు అది కట్టాలి. పేరు మారేదాకా పన్ను ఆపేయొద్దు. నాన్న పేరు మీద వచ్చిన డిమాండ్‌నే ఎవరైనా కట్టొచ్చు, ఆ రసీదు దాచుకోండి. దరఖాస్తు నంబరున్న రసీదు తీసుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. తర్వాత ఎవరిని అడగాలన్నా ఆ నంబరే ఆధారం.

పని అయిందో లేదో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. cdma.telangana.gov.in నుంచి ఇంటిపన్ను పేజీకి వెళ్లి, మీ అసెస్‌మెంట్ నంబరు కొడితే యజమాని పేరు కనిపిస్తుంది. అసెస్‌మెంట్ నంబరు మారదు, పేరే మారుతుంది. కొత్త పేరు స్పెల్లింగ్ అమ్మ ఆధార్‌తో కలిసిందో లేదో అప్పుడే చూసుకోండి. తర్వాతి రెండు ఆఫీసుల్లోకి ఇదే స్పెల్లింగ్ వెళ్తుంది.

కొత్తకోట, పెబ్బేరు, అలంపూర్ లాంటివి 2018లో మున్సిపాలిటీలయ్యాయి. అలాంటి చోట పాత కరెంటు బిల్లు మీద పంచాయతీ నాటి ఇంటి నంబరు, పన్ను రసీదు మీద మున్సిపాలిటీ నంబరు ఉండొచ్చు. రెండూ ఒకే ఇల్లని చూపడానికి పాత పంచాయతీ రసీదు ఒకటి పనికొస్తుంది. పారేయకండి.

పల్లెలో అయితే ఈ పని గ్రామ పంచాయతీలో. మా మేనత్త ఇల్లు గ్రామకంఠంలో ఉంది. రిజిస్టర్డ్ దస్తావేజు అంటూ ఎప్పుడూ లేదు. తరతరాల ఇల్లు, చేతిలో ఉన్నవి మామయ్య పేరున పంచాయతీ ఇంటిపన్ను రసీదులే. అందుకే పట్నంలో కంటే పల్లెలో ఆ రసీదుకి విలువెక్కువ. పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చాక, డిమాండ్ రిజిస్టర్‌లో పేరు మారి, కొత్త రసీదు చేతికొచ్చేదాకా అత్త ఊరుకోలేదు. ఆమె పెద్ద కొడుకు పని మీద ముంబైలో ఉంటాడు. అతని అఫిడవిట్ అక్కడే నోటరీ చేయించి కొరియర్‌లో పంపాడు. వలస వెళ్లిన అన్నదమ్ములు ఈ పని కోసం సెలవు పెట్టి ఊరికి రావాల్సిన అవసరం లేదు.

తర్వాత కరెంటు

మన మూడు జిల్లాలకూ కరెంటు ఇచ్చేది దక్షిణ తెలంగాణ డిస్కం, అంటే టీజీఎస్‌పీడీసీఎల్. వాళ్ల భాషలో ఈ పని పేరు టైటిల్ ట్రాన్స్‌ఫర్. "నేమ్ కరెక్షన్" అని అడిగితే అది అక్షరదోషాలు దిద్దే పని, వేరే దరఖాస్తు అయిపోతుంది. వినియోగదారుల సేవా కేంద్రంలో గానీ, tgsouthernpower.org లో గానీ దరఖాస్తు పెట్టొచ్చు. బిల్లు మీదున్న యూనిక్ సర్వీస్ నంబరు, అంటే యూఎస్‌సీ నంబరు, ముందుగా రాసి పెట్టుకోండి.

కాగితాలు పన్నుకి పెట్టినవే. కొత్తగా చేరేవి అమ్మ పేరుతో వచ్చిన పన్ను రసీదు, స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండ్. రేపు ఇంకో వారసుడొచ్చి అభ్యంతరం చెబితే బాధ్యత డిస్కంది కాదు, నాదే అని దరఖాస్తుదారు రాసిచ్చే హామీ అది. మామూలుగా పేరు మార్చేటప్పుడు పాత యజమాని సంతకం పెట్టి తన సెక్యూరిటీ డిపాజిట్‌ను కొత్త పేరుకి వదులుతాడు. చనిపోయిన మనిషి సంతకం పెట్టలేడు కాబట్టి ఆ స్థానంలో ఈ బాండూ, వారసుల అంగీకారమూ వస్తాయి. నాన్న కట్టిన డిపాజిట్ కూడా అమ్మ పేరుకి మార్చమని దరఖాస్తులోనే రాయండి. రాయకపోతే కొత్తగా డిపాజిట్ కట్టమనే అవకాశం ఉంటుంది.

కాగితాలన్నీ సరిగా ఇచ్చి, రుసుము కట్టాక టైటిల్ ట్రాన్స్‌ఫర్ 7 రోజుల్లో పూర్తి కావాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. ఆలస్యమైతే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. లాయర్ లేకుండానే అక్కడ రాసివ్వొచ్చు.

నాగర్‌కర్నూల్‌లో నా ఫ్రెండ్ పని ఆగింది పేరు దగ్గర కాదు. వాళ్ల నాన్న ఇంటి ముందు గదిలో చిన్న కిరాణం నడిపేవాడు. మీటరు మాత్రం ఇంటి కేటగిరీలోనే ఉంది. పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాక పరిశీలనకు వచ్చినవాళ్లకి కొట్టు కనిపించింది. షాపులకి కేటగిరీ వేరు, రేటు వేరు. చివరికి కొట్టుకి వేరే మీటరు పెట్టించుకున్నాకే ఇంటి మీటరు వాళ్లమ్మ పేరు మీదికి మారింది. మీ ఇంట్లోనూ కొట్టు గానీ, టైలరింగ్ షాపు గానీ ఉంటే దరఖాస్తుకి ముందే ఆ సంగతి తేల్చుకోండి. ఇంట్లో రెండు మీటర్లుంటే రెండింటికీ విడివిడిగా దరఖాస్తు చేయాలన్నదీ గుర్తుంచుకోండి.

జీరో బిల్లు వస్తోంది కదా, పేరెందుకు అనేవాళ్లూ ఉన్నారు. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా ఉచితం అన్నది రేషన్ కార్డుని, మీటరు నంబరుని కలిపి చూసే లెక్క. దాని వల్ల మీటరు పేరు మారదు. పేరు మారాక వచ్చే మొదటి బిల్లులో జీరో లెక్క మామూలుగానే వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే అదే నెలలో అడగండి.

ఆఖర్న నల్లా

నీటి కనెక్షన్ పట్టణంలో మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. అయినా పన్ను రికార్డులో పేరు మారితే నల్లా రికార్డులో దానంతటదే మారిపోతుందనుకోవద్దు. నీటి చార్జీల డిమాండ్ వేరు. కొత్త పన్ను రసీదు కాపీ పెట్టి వేరే దరఖాస్తు ఇవ్వాలి. మాకు మూడింట్లో తేలిగ్గా అయిపోయింది ఇదే. కాకపోతే ఒక బకాయి బయటపడింది. కరెంటు బిల్లు నెలనెలా ఇంటికొస్తుంది. నీటి బిల్లు ఎవరూ గుర్తు చేయరు కాబట్టి చాలా ఇళ్లలో అది పేరుకుపోయి ఉంటుంది. మాదీ అంతే. అది కట్టాకే పేరు మారింది. నాన్న నల్లా పెట్టించినప్పటి డిపాజిట్ రసీదు దొరకడం కలిసొచ్చింది. కనెక్షన్ అక్రమం కాదని చూపడానికి అదే సాక్ష్యం. ఆ రసీదు లేనివాళ్లు పాత నీటి బిల్లు ఏదైనా ఒకటి వెతికి పెట్టుకోండి.

మాకు మొత్తం రెండు నెలలు పట్టింది. అందులో ఎక్కువ కాలం గడిచింది కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం, అఫిడవిట్ల మీద అందరి సంతకాల కోసమే. ఆఫీసుల్లో పని దానికంటే తొందరగానే అయింది. ఇప్పుడు మా ఇంటి మూడు రసీదుల మీదా అమ్మ పేరుంది. ఇంట్లో వాటాలు మాత్రం నాలుగే. నాయనమ్మ తన పావు వదల్లేదు, వదలమని మేమూ అడగలేదు. అఫిడవిట్ల ఒరిజినల్స్ బీరువాలో ఉన్నాయి. వాటి ఫొటోలు అక్క ఫోన్‌లో, బాబాయి ఫోన్‌లో, నా ఫోన్‌లో ఉన్నాయి.